డిబెంచర్ల డిస్కౌంట్‌ను ఎలా పంచాలి: ఏటా సమానంగానా, ఎఫెక్టివ్ ఇంట్రెస్ట్ పద్ధతిలోనా?

ఊళ్లో చేతి వడ్డీకి అప్పిచ్చేవాళ్లలో కొందరు నోటు లక్షకు రాయించుకుని, చేతిలో 95 వేలే పెడతారు. మిగతా 5 వేల సంగతేమిటంటే "వడ్డీ ముందే పట్టుకున్నాం" అంటారు. డిబెంచర్లను డిస్కౌంట్‌కు జారీ చేయడం కూడా అలాంటిదే. వంద రూపాయల డిబెంచర్‌ను కంపెనీ 95కు అమ్ముతుంది, గడువు తీరాక వంద చెల్లిస్తుంది. ఆ 5 రూపాయలు పేరుకు డిస్కౌంట్, పనికి వడ్డీ. కూపన్ వడ్డీ ఏటేటా చేతికి వస్తుంది, ఇది చివర్లో ఒకేసారి వస్తుంది. అంతే తేడా.

కామర్స్ చదివే పిల్లలూ, కొత్తగా అకౌంట్స్ ఉద్యోగంలో చేరినవాళ్లూ నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ 5 రూపాయలను ఏ ఏడాదికి ఎంత చొప్పున ఖర్చు రాయాలి? జవాబుగా నాలుగు దారులున్నాయి. ఏటా సమానంగా రాయడం ఒకటి. బాకీ ఉన్న మొత్తాన్ని బట్టి 5:4:3:2:1 లాంటి నిష్పత్తిలో రాయడం రెండోది. ఎఫెక్టివ్ ఇంట్రెస్ట్ పద్ధతి మూడోది. సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాలోంచి ఒకేసారి కొట్టేయడం నాలుగోది. ఏది ఎప్పుడు సరిపోతుందో ఒక లెక్క వేసి చూద్దాం.

ముందు లెక్క

ఒక కంపెనీ కోటి రూపాయల ముఖవిలువ గల 9 శాతం డిబెంచర్లను 5 శాతం డిస్కౌంట్‌కు జారీ చేసిందనుకోండి. చేతికొచ్చింది 95 లక్షలు. ప్రతి ఏడాది చివర 9 లక్షల వడ్డీ కట్టాలి. అయిదేళ్ల తర్వాత కోటీ ఒకేసారి తీర్చాలి. షేర్లను డిస్కౌంట్‌కు జారీ చేయకూడదని 2013 కంపెనీల చట్టం 53వ సెక్షన్ అంటుంది కదా, ఇదెలా కుదురుతుందని కొందరికి సందేహం వస్తుంది. ఆ నిషేధం షేర్లకే, డిబెంచర్లకు వర్తించదు.

ఈ అప్పు మీద కంపెనీకి నిజంగా పడే వడ్డీ రేటు ఎంత? 9 శాతం కాదు, ఎందుకంటే 9 లక్షలు కడుతున్నది 95 లక్షలు వాడుకున్నందుకు. పైగా చివర్లో ఇంకో 5 లక్షలు ఎక్కువ కడుతోంది. కట్టబోయే డబ్బులన్నిటినీ ఏ రేటుతో ఇవాళ్టి విలువకు తగ్గిస్తే సరిగ్గా 95 లక్షలు వస్తుందో, అదే ఎఫెక్టివ్ రేటు. ఎక్సెల్‌లో ఇది ఒక్క వరస:

```
=RATE(5,900000,-9500000,10000000)
```

వచ్చేది 10.3301 శాతం. ఇక పని తేలిక. ఏడాది మొదట్లో ఉన్న నిల్వ మీద ఈ రేటుతో వడ్డీ లెక్కగట్టి, అందులోంచి 9 లక్షల కూపన్ తీసేయాలి. మిగిలినదే ఆ ఏడాదికి చెందిన డిస్కౌంట్. దాన్ని నిల్వకు కలిపితే మరుసటి ఏడాది మొదటి నిల్వ వస్తుంది.

| ఏడాది | మొదటి నిల్వ | వడ్డీ ఖర్చు | ఆ ఏటి డిస్కౌంట్ | చివరి నిల్వ |
|---|---|---|---|---|
| 1 | 95,00,000 | 9,81,362 | 81,362 | 95,81,362 |
| 2 | 95,81,362 | 9,89,767 | 89,767 | 96,71,129 |
| 3 | 96,71,129 | 9,99,040 | 99,040 | 97,70,169 |
| 4 | 97,70,169 | 10,09,271 | 1,09,271 | 98,79,440 |
| 5 | 98,79,440 | 10,20,560 | 1,20,560 | 1,00,00,000 |

డిస్కౌంట్ వాటా ఏటేటా ఎందుకు పెరుగుతోందో గమనించండి. మొదటి ఏడాది పడిన 9,81,362 వడ్డీలో 9 లక్షలే కట్టాం. మిగతా 81,362 కట్టకుండా అప్పుకు కలిపేశాం. రెండో ఏడాది దాని మీద కూడా వడ్డీ పడుతుంది. ఊరి భాషలో చెప్పాలంటే ఇది చక్రవడ్డీ.

ఏటా లక్ష చొప్పున రాస్తే తప్పేమిటి?

సమాన పద్ధతిలో 5 లక్షలను అయిదుతో భాగించి ఏటా లక్ష రాస్తారు. మొత్తం వడ్డీ ఖర్చు ప్రతి ఏడాదీ 10 లక్షలే. చూడటానికి శుభ్రంగా ఉంటుంది. కానీ మొదటి ఏడాది 95 లక్షల మీద 10 లక్షలంటే 10.53 శాతం. అయిదో ఏడాది మొదటి నిల్వ 99 లక్షలు, దాని మీద 10 లక్షలంటే 10.10 శాతం. ఒకే అప్పు, ఒకే షరతులు, మార్కెట్లో ఏ మార్పూ లేదు. అయినా పుస్తకాల్లో రేటు ఏటా దిగుతూ కనబడుతుంది. అది కేవలం మన లెక్క వల్ల పుట్టిన దిగుడు.

రూపాయల్లో చూస్తే మొదటి ఏడాది తేడా 18,638. మూడేళ్లకు కలిపి చూస్తే 29,831, అదే గరిష్ఠం. తర్వాత తగ్గుతూ అయిదో ఏడాది చివర సున్నా అవుతుంది. కోటి రూపాయల అప్పులో ముప్పై వేల తేడాకు టెన్షన్ పడాల్సిన పని లేదని మీరనుకుంటే, నేను కాదనను. చిన్న డిస్కౌంట్, తక్కువ గడువు, అసలు చివర్లో ఒకేసారి చెల్లింపు ఉన్నప్పుడు, చట్టం అనుమతించే కంపెనీకి సమాన పద్ధతి చాలు.

అయితే డిస్కౌంట్ పెద్దదై, గడువు పొడవైతే ఇదే పద్ధతి లెక్కను పూర్తిగా పాడు చేస్తుంది. 1993లో గుజరాత్‌లోని సర్దార్ సరోవర్ నర్మదా నిగమ్ డీప్ డిస్కౌంట్ బాండ్లు అమ్మింది. ఇవాళ 3,600 రూపాయలు కడితే 20 ఏళ్లకు 1,11,000 వస్తుందన్నది షరతు. మధ్యలో కూపన్ ఏమీ లేదు. ఎఫెక్టివ్ రేటు 18.70 శాతం. ఆ రేటుతో మొదటి ఏడాది వడ్డీ సుమారు 673 రూపాయలు, ఇరవయ్యో ఏడాది దాదాపు 17,490. ఇప్పుడు సమానంగా పంచి చూడండి. మొత్తం డిస్కౌంట్ 1,07,400, ఏడాదికి 5,370. అంటే 3,600 అప్పు మీద మొదటి ఏడాదే 149 శాతం వడ్డీ! చివరి ఏడాది అదే 5,370 అయిదు శాతం దగ్గరకు పడిపోతుంది. కూపన్ లేని బాండ్లకు, కూపన్ మరీ తక్కువగా పెట్టి లోతైన డిస్కౌంట్‌కు అమ్మిన డిబెంచర్లకు సమాన పద్ధతి వాడకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

అసలు వాయిదాల్లో తీరుస్తుంటే

పాత పాఠ్యపుస్తకాల్లో కనబడే 5:4:3:2:1 పద్ధతి చాలామంది పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేస్తారు. దాని వెనకున్న ఆలోచన మాత్రం చక్కనిది. మన కోటి రూపాయల డిబెంచర్లనే ఏటా 20 లక్షల చొప్పున తీరుస్తున్నారనుకోండి. మొదటి ఏడాది కోటి వాడుకున్నారు, రెండో ఏడాది 80 లక్షలు, చివరి ఏడాది 20 లక్షలే. ఎక్కువ డబ్బు వాడుకున్న ఏడాది ఎక్కువ డిస్కౌంట్ మోయాలి కదా. అందుకే 5 లక్షలను 1,66,667, 1,33,333, 1,00,000, 66,667, 33,333గా పంచుతారు.

ఇదే అప్పుకు ఎఫెక్టివ్ రేటు కడదాం. చెల్లింపులు ఏటా మారతాయి కాబట్టి `RATE` పనికిరాదు, `IRR` వాడాలి. వరసగా 29 లక్షలు, 27.2, 25.4, 23.6, 21.8 లక్షలు బయటికి పోతాయి. రేటు 11.11 శాతం వస్తుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కూపన్ అదే 9, డిస్కౌంట్ అదే 5 శాతం. అయినా 10.33 కాస్తా 11.11 అయింది. కారణం, 5 లక్షలు అదనంగా కడుతున్నది అయిదేళ్లపాటు కోటి వాడుకున్నందుకు కాదు, సగటున మూడేళ్లు వాడుకున్నందుకే. డిబెంచర్ల షరతులు బేరమాడే ఫైనాన్స్ మేనేజర్‌కు ఇది తప్పక తెలిసుండాలి. వాయిదాల్లో తీర్చే అప్పుకు డిస్కౌంట్ ఒప్పుకుంటే అది ఖరీదైన డిస్కౌంట్.

ఆ రేటుతో పంచితే డిస్కౌంట్ వాటాలు సుమారు 1.56 లక్షలు, 1.31, 1.03, 0.72, 0.38 లక్షలు. నిష్పత్తి పద్ధతి ఇచ్చిన అంకెలకు ఇవి బాగా దగ్గర. ఏటా సమానంగా లక్ష రాయడం మాత్రం ఆమడ దూరంలో ఉంది. వాటాలు ఇక్కడ పెరగడం లేదు, తగ్గుతున్నాయి. ఎఫెక్టివ్ పద్ధతి అంటే డిస్కౌంట్ ఎప్పుడూ పెరుగుతూ పోతుందని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఈ చోటే తడబడతారు. పెరగడమో తగ్గడమో నిల్వను బట్టి ఉంటుంది. స్థిరంగా ఉండేది రేటు ఒక్కటే.

కాబట్టి వాయిదాల డిబెంచర్లకు నా సలహా ఇది: ఎక్సెల్ తెరవడం ఇబ్బంది కాకపోతే ఎఫెక్టివ్ పద్ధతి, చేత్తో లెక్క కట్టాల్సి వస్తే నిష్పత్తి పద్ధతి. సమాన పద్ధతి ఇక్కడ వద్దు.

మీ కంపెనీకి ఎంపిక ఉందా అసలు?

ఇంతసేపు ఏది మంచిదని చూశాం. చట్టం ఏమంటుందో చూస్తే కొందరికి ఎంపికే లేదు. షేర్లు గానీ డిబెంచర్లు గానీ ప్రధాన స్టాక్ ఎక్స్ఛేంజీల్లో లిస్టయిన కంపెనీలు, నికర విలువ 250 కోట్లు, లేదా అంతకు మించి ఉన్న కంపెనీలు, వాటి అనుబంధ కంపెనీలు ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ ప్రమాణాలు పాటించాలి. బ్యాంకుల్లాంటి కొన్నిటి సంగతి వేరు. ఇండ్ ఏఎస్ 109 ప్రకారం ఇలాంటి అప్పును ఎఫెక్టివ్ ఇంట్రెస్ట్ పద్ధతిలోనే రాయాలి. బ్యాలెన్స్ షీట్‌లో కోటి కనబడదు, మొదటి రోజు 95 లక్షల అప్పే కనబడుతుంది. పద్దులు కూడా తేలిక. జారీ రోజున బ్యాంకు ఖాతాకు 95 లక్షలు డెబిట్, డిబెంచర్లకు 95 లక్షలు క్రెడిట్. మొదటి ఏడాది చివర వడ్డీ ఖర్చుకు 9,81,362 డెబిట్ చేసి, బ్యాంకుకు 9 లక్షలు, డిబెంచర్లకు 81,362 క్రెడిట్ చేస్తారు. డిస్కౌంట్‌కు విడిగా ఖాతా అక్కర్లేదు.

పాత అకౌంటింగ్ స్టాండర్డ్స్ పాటించే చిన్న కంపెనీలకు దారి వేరు. ఏఎస్ 16 డిస్కౌంట్‌ను అప్పు ఖర్చుగానే చూస్తుంది, ఫలానా పద్ధతిలోనే పంచమని పట్టుబట్టదు. డిబెంచర్లను కోటికే చూపించి, ఇంకా ఖర్చు రాయని డిస్కౌంట్‌ను ఆస్తుల వైపు ఇతర ఆస్తుల కింద పెడతారు. వచ్చే పన్నెండు నెలల్లో రాయబోయేది ప్రస్తుత ఆస్తుల్లోకి, మిగతాది దీర్ఘకాలిక ఆస్తుల్లోకి వెళ్తుంది.

ఇక సెక్యూరిటీస్ ప్రీమియం దారి. కంపెనీల చట్టంలోని 52(2) సెక్షన్ ప్రకారం డిబెంచర్ల డిస్కౌంట్‌ను ఆ ఖాతాలోంచి కొట్టేయవచ్చు. కానీ పక్కనే ఉన్న 52(3) చదవకుండా ముందుకు పోకండి. నిర్ణీత అకౌంటింగ్ ప్రమాణాలు పాటించే ఇండ్ ఏఎస్ కంపెనీలకు అది ఈక్విటీ షేర్ల జారీ ఖర్చులు, డిస్కౌంట్ వరకే అనుమతిస్తుంది. డిబెంచర్ల మాట అందులో లేదు. అంటే ఈ దారి చిన్న కంపెనీలకే తెరిచి ఉంది.

వాళ్లకైనా నేను దీన్ని సిఫార్సు చేయను. 5 లక్షలు రిజర్వులోంచి పోతే లాభనష్టాల ఖాతాలో ఏటా 9 లక్షల వడ్డీ మాత్రమే కనబడుతుంది. 10.33 శాతానికి తెచ్చిన అప్పు 9 శాతం అప్పులా కనిపిస్తుంది. వచ్చే ఏడాది అదే కంపెనీకి 9.75 శాతానికి బ్యాంకు లోను దొరికితే "మన డిబెంచర్ల కంటే ఖరీదు" అని డైరెక్టర్లు వదులుకునే ప్రమాదం ఉంది. చట్టం ఒప్పుకున్నా, నిర్ణయాలు తీసుకునేవాళ్లను తప్పుదారి పట్టించే లెక్క అది.

ఎఫెక్టివ్ పద్ధతి ఎంచుకుంటే ఎక్కడ తప్పుతారు?

ఒక ఆడిట్‌లో నాకు ఎదురైన తప్పు మీకూ ఎదురు కావచ్చు. అంకెలను మన ఉదాహరణకు మార్చి చెబుతాను. ఆ షీట్‌లో రేటు సరిగ్గానే కట్టారు, 10.3301. కానీ దాన్ని ప్రతి ఏడాదీ ముఖవిలువ కోటి మీద వేశారు. వడ్డీ ఏటా 10,33,010, డిస్కౌంట్ వాటా ఏటా 1,33,010. మొదటి మూడేళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ప్రతి ఏడాదీ ఒకే అంకె రావడం చూసేవాళ్లకు బాగానే అనిపించింది. నాలుగో ఏడాది చివర డిబెంచర్ల నిల్వ కోటీ 32 వేలకు చేరింది. కంపెనీ తీర్చాల్సిందే కోటి అయితే, బాకీ కోటీ 32 వేలు ఎలా అవుతుంది? అక్కడ పట్టుబడింది. వెనక్కి వెళ్లి మూడేళ్ల లెక్క దిద్దాల్సి వచ్చింది. డిస్కౌంట్‌కు జారీ చేసి, ముఖవిలువకే తీర్చే డిబెంచర్ల నిల్వ గడువులో ఎప్పుడూ ముఖవిలువ దాటకూడదు. డిస్కౌంట్ వాటా ఏటా ఒకే అంకెగా వస్తుంటే, రేటు ఎక్కడ వేశారో వెంటనే చూడండి.

రెండోది రేటును గుండు అంకె చేయడం. 10.3301 బదులు 10.3 వేస్తే అయిదేళ్ల చివర నిల్వ కోటికి సుమారు 17,900 తక్కువగా తేలుతుంది. ఆ మొత్తం చివరి ఏడాది నెత్తిన పడుతుంది. రేటును చేత్తో టైప్ చేయకుండా, ఫార్ములా ఉన్న గడినే లెక్కలోకి లాగండి. చివరి ఏడాదిలో ఒకటి రెండు రూపాయల సర్దుబాటు మామూలే, వేలల్లో వస్తే మాత్రం రేటు తప్పు.

జారీ ఖర్చులను వదిలేయడం మూడోది. ట్రస్టీ ఫీజు, రేటింగ్ ఫీజు, స్టాంపు డ్యూటీ, మర్చంట్ బ్యాంకర్ కమీషన్ లాంటివి జారీకి నేరుగా అయిన ఖర్చులైతే, ఇండ్ ఏఎస్ ప్రకారం డిస్కౌంట్‌తో పాటే రేటులోకి రావాలి. మన ఉదాహరణలో ఇవి లక్ష రూపాయలైతే చేతికొచ్చింది 94 లక్షలే, రేటు దాదాపు 10.61 శాతం అవుతుంది. ట్రస్టీలకు ఏటా కట్టే ఫీజు మాత్రం ఏ ఏడాది ఖర్చు ఆ ఏడాదిదే, దాన్ని ఇందులో కలపకండి.

తేదీల విషయంలో కూడా జాగ్రత్త కావాలి. అక్టోబరు 1న జారీ చేసిన అయిదేళ్ల డిబెంచర్లు అయిదు కాదు, ఆరు ఆర్థిక సంవత్సరాలను తాకుతాయి. మార్చి 31న మొదటి ఏడాది వడ్డీలో సగం, 4,90,681 ఖర్చు రాయాలి. అందులో 4,50,000 పేరుకున్న కూపన్, 40,681 డిస్కౌంట్. మరుసటి ఆర్థిక సంవత్సరంలో మొదటి వరస మిగతా సగం, రెండో వరసలో సగం కలుస్తాయి. కూపన్ ఆరు నెలలకోసారి కడితే రేటు కూడా ఆరు నెలలకే లెక్కగట్టి, పది వరసల పట్టిక వేయాలి. ఏడాది రేటును రెండుతో భాగించి వాడితే లెక్క కుదరదు.

పన్ను శాఖ దగ్గర వేరే లెక్క

పుస్తకాల్లో ఎఫెక్టివ్ పద్ధతి పాటించినంత మాత్రాన ఆదాయపు పన్నులో కూడా అదే నడుస్తుందనుకోవద్దు. మద్రాస్ ఇండస్ట్రియల్ ఇన్వెస్ట్‌మెంట్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 1997లో దీని మీద తీర్పు చెప్పింది. ఆ సంస్థ 1966 డిసెంబరులో కోటిన్నర రూపాయల డిబెంచర్లను 2 శాతం డిస్కౌంట్‌కు, 12 ఏళ్ల గడువుకు జారీ చేసింది. డిస్కౌంట్ 3 లక్షలు. ఆరు నెలల వాటా కింద 12,500 రూపాయలు పుస్తకాల్లో రాసి, పన్ను లెక్కలో మాత్రం మొత్తం 3 లక్షలూ ఒకేసారి తీసేయమంది. ఆ ఖర్చుతో కలిగే ప్రయోజనం 12 ఏళ్లూ ఉంటుంది కాబట్టి 12 ఏళ్లకూ పంచాల్సిందేనని కోర్టు తేల్చింది. 12,500 అంటే 3 లక్షలను 24 అర్ధ సంవత్సరాలకు సమానంగా పంచితే వచ్చేదే.

అందువల్ల మన కంపెనీ మొదటి ఏడాది పన్ను లెక్కలో లక్ష తీసేసి, పుస్తకాల్లో 81,362 రాస్తే, 18,638 తేడా వస్తుంది. 22 శాతం పన్ను పథకం ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జి, సెస్సు కలిపి 25.168 శాతం కాబట్టి, దీని మీద 4,691 రూపాయలు డిఫర్డ్ ట్యాక్స్ బాధ్యతగా చూపాలి. ఇది మూడో ఏడాది వరకు పెరిగి, తర్వాత దానంతటదే కరిగిపోతుంది.

గడువుకు ముందే తీర్చేస్తే

వడ్డీ రేట్లు పడిపోయినప్పుడు కంపెనీలు పాత డిబెంచర్లను ముందే వెనక్కి తీసుకుంటాయి. మన ఉదాహరణలో మూడో ఏడాది చివర కోటి కట్టి తీర్చేస్తే, పుస్తకాల్లో నిల్వ 97,70,169. మిగిలిన 2,29,831 ఆ ఒక్క ఏడాదే నష్టంగా పడుతుంది. సమాన పద్ధతిలో అయితే అది 2 లక్షలే, ఎందుకంటే ఆ తేడా మేరకు ముందే ఎక్కువ రాసేశారు. డిబెంచర్ల షరతుల్లో కంపెనీకి ముందే తీర్చే హక్కు ఉంటే, జారీ రోజునే ఆ తేదీల నిల్వలను పట్టికలో వేరే రంగుతో గుర్తుపెట్టుకోండి. తిరిగి తీర్చాలా వద్దా అని బోర్డు చర్చించే రోజున, కొత్త అప్పుతో ఆదా అయ్యే వడ్డీ పక్కన ఈ నష్టం అంకె కూడా వాళ్ల ముందు ఉండాలి.